ఒకే బోర్డు, నలుగురు ఓనర్లు: ఫ్రాంచైజీలో ఏది బిగించాలి, ఏది వదిలేయాలి

తిరుపతిలో పొద్దున దర్శనం ముగించుకుని మా దగ్గర ఇడ్లీ తిన్న ఒక బెంగళూరు కుటుంబం, తిరుగు దారిలో చిత్తూరు బ్రాంచిలో ఆగి మళ్లీ ఇడ్లీయే చెప్పింది. ఆ పెద్దాయన తిన్నాక గల్లా దగ్గరికొచ్చి గొడవేమీ పడలేదు. "ఇది వాళ్లదేనా, పేరు మాత్రం పెట్టుకున్నారా?" అని ఒక్క మాట అడిగి వెళ్లిపోయాడు. ఆ మాట నాకు చేరేసరికి నాలుగు రోజులు పట్టింది. రెండు ఊళ్ల మధ్య దూరం డెబ్బై కిలోమీటర్లు. రెండు చోట్లా అదే బోర్డు, అదే మెనూ కార్డు, అదే రంగు ప్లేట్లు.

మాది చిన్న టిఫిన్ సెంటర్ల వ్యవహారం. తిరుపతిలోది నేనే నడుపుతాను. తిరుచానూరు రోడ్డు, శ్రీకాళహస్తి, చిత్తూరు, పలమనేరుల్లో ఉన్న నాలుగూ ఫ్రాంచైజీలు. నలుగురు ఓనర్లవీ నాలుగు తీరులు. వాళ్లందరినీ ఒకేలా మార్చాలని రెండేళ్లు కొట్టుకున్నాను, అది జరిగే పని కాదు. ఇడ్లీ ఒకేలా ఉండటానికి ఓనర్లు ఒకేలా ఉండాల్సిన పని లేదని ఆలస్యంగా తెలిసింది. మీరూ టిఫిన్ సెంటరో, టీ స్టాలో, బేకరీయో ఫ్రాంచైజీ ఇచ్చి ఉంటే ఈ పద్ధతి పనికొస్తుంది. నాకు తెలిసినది ఇడ్లీ పిండి కాబట్టి దాంతోనే చెబుతాను.

మొదటి పని: తేడాల జాబితా రాయండి, రూల్స్ కాదు

అందరూ చేసే తప్పే నేనూ చేశాను. ఫ్రాంచైజీ ఇచ్చిన కొత్తలో అరవై పేజీల పుస్తకం తయారు చేయించాను. చీపురు ఎక్కడ పెట్టాలో, యూనిఫాం బొత్తాములు ఏ రంగులో ఉండాలో కూడా అందులో ఉంది. శ్రీకాళహస్తిలో ఆ పుస్తకం గ్రైండర్ ఊగకుండా కింద పెట్టి ఉండటం నా కళ్లతో చూశాను. కోపమొచ్చింది కానీ, పుస్తకం చేసిన మేలు అదొక్కటే అని తర్వాత ఒప్పుకున్నాను.

పుస్తకం రాసే ముందు ప్రతి బ్రాంచిలో ఒక పొద్దున కస్టమర్ కుర్చీలో కూర్చోండి. ఏడింటికి ఒకసారి తినండి, పది దాటాక ఇంకోసారి తినండి. రెండో ప్లేటును వదిలేయొద్దు. పిండి పులుపెక్కేది, చట్నీ పాడయ్యేది, మాస్టర్ అలిసిపోయేది పది తర్వాతే. మీ సొంత షాపుకి, అక్కడికి కనిపించిన ప్రతి తేడానూ మంచిచెడ్డలు తేల్చకుండా రాసుకోండి. మా జాబితాలో నలభై దాకా తేలాయి.

తర్వాత ఒక్కో తేడాను మూడు ప్రశ్నలకి ఎదురుగా పెట్టండి. పొద్దున ఒక ఊళ్లో, సాయంత్రం ఇంకో ఊళ్లో తిన్న మనిషి దీన్ని గమనిస్తాడా? దీనివల్ల ఎవరికైనా ఒళ్లు చెడుతుందా? దీనివల్ల అమ్మకం లెక్క మారుతుందా? మూడింటికీ కాదు అనే జవాబొస్తే ఆ తేడాను కొట్టేయండి, దాని గురించి మళ్లీ మాట్లాడొద్దు. నలభైలో మాకు మిగిలింది పదకొండు. తిరుచానూరు రోడ్డులో గల్లా పక్కన దేవుడి పటాలు ఎక్కువున్నాయని నేను ఏడాదిపాటు చేసిన వాదన ఆ ఒక్క రోజుతో పోయింది.

రెండో పని: పద్ధతి బిగించేవి, ఫలితం బిగించేవి

మిగిలిన వాటన్నిటినీ ఒకే తాటికి కట్టొద్దు. అసలు కష్టం ఇక్కడే ఉంది.

కొన్ని పనుల్లో తప్పు జరిగితే కస్టమర్ ముందుకు పోకముందే కంటికి కనిపిస్తుంది. అలాంటి చోట ఫలితం ఎలా ఉండాలో చెప్పి, ఎలా తేవాలో వాళ్లకే వదిలేయాలి. ఇంకొన్నిటిలో తప్పు కనిపించదు. కస్టమర్ నోట్లోనో, మర్నాడు అతని కడుపులోనో తెలుస్తుంది. అక్కడ మాత్రం పద్ధతినే బిగించాలి, ఎవరి తెలివీ వాడనివ్వకూడదు.

పిండి పులియడం మొదటి రకం. మా పాత పుస్తకంలో "ఎనిమిది గంటలు పులియబెట్టాలి" అని రాసి ఉండేది. తిరుపతిలో మామూలు రోజుల్లో అది సరిపోతుంది. మే నెలలో శ్రీకాళహస్తి ఎండకి అదే పిండి ఎనిమిది గంటల్లో పొంగి, విరిగి, మళ్లీ కిందికి దిగేది. ఇడ్లీ నోట్లో పెడితే పళ్లు పులిసేవి. పలమనేరు పైన పీఠభూమి మీద ఉంది, డిసెంబరు రాత్రుళ్లు అక్కడ బాగా చల్లగా ఉంటుంది. ఎనిమిది గంటలకి పిండి కదిలి కూడా ఉండదు. పలమనేరు ఓనర్ నేను చెప్పింది తు.చ. తప్పక పాటించే మనిషి. పొంగని పిండితో ఎనిమిది గంటలు కాగానే ఇడ్లీ వేయించాడు. చపాతీ మందాన ఉన్నాయి, జిగురుగా. అడిగితే "మీ బుక్కులో అట్లనే ఉంది కదన్నా" అన్నాడు. తప్పు నాదే.

ఇప్పుడు గంటల మాట ఎత్తం. పిండి పోసే స్టీలు క్యాన్ల మీద లోపల రెండు గీతలు కొట్టించాం. పిండి కింది గీత దాకా పోయాలి, పై గీత ముట్టుకున్నాక వాడాలి. రెండు గీతల మధ్య ఎత్తు మొదట పోసిన పిండిలో ముప్పావు వంతు. పై గీత చేరాక వెంటనే వాడకపోతే ఫ్రిజ్‌లో పెట్టాలి. ఆ గీత చేరడానికి పలమనేరులో పన్నెండు గంటలు పడుతుందో, కాళహస్తిలో ఐదు పడుతుందో వాళ్లిష్టం. పలమనేరులో చలికాలం గోనెపట్టా చుడతారు. కాళహస్తిలో ఎండాకాలం మధ్యాహ్నం రుబ్బడం మానేసి రాత్రి పదింటికి మొదలుపెడతారు. ఈ రెండూ నేను చెప్పినవి కావు.

బియ్యం, మినప్పప్పు పాళ్లు రెండో రకం. కోస్తాలో ఇడ్లీ రవ్వ వాడతారు, మన వైపు అది తక్కువ. ఉప్పుడు బియ్యం నానబెట్టి రుబ్బుతాం. మాది తూకంలో నాలుగుకి ఒకటి. ఈ పాళ్లు తప్పితే పిండి చూసి చెప్పడం మామూలు మనిషికి కష్టం. వేడి ఇడ్లీ తిన్నా తెలియదు. అరగంట చల్లారాకే గట్టిపడుతుంది, పార్సిల్ ఇంటికి పట్టుకెళ్లిన మనిషికి తెలుస్తుంది. అందుకే ఇక్కడ పద్ధతిని బిగించాం.

కొబ్బరి చట్నీలో పోసే నీళ్లు కూడా అంతే. సాంబారు మరుగుతుంది కాబట్టి నీళ్లలో దోషం కొంత పోతుంది. చట్నీ మరగదు. ఏ నీళ్లు పోశారో అవే కస్టమర్ తాగుతాడు. కాచి చల్లార్చిన నీళ్లో, ఫిల్టర్ నీళ్లో మాత్రమే పోయాలి. రుబ్బిన రెండు గంటల తర్వాత మిగిలింది పారబోయాలి, చిన్న చిన్న వాయిలుగా రుబ్బాలి. ఇందులో బేరం లేదు. వడ నూనె సంగతీ ఇదే. నూనెను మళ్లీ మళ్లీ కాచితే పుట్టే పోలార్ పదార్థాలు అందులో 25 శాతం దాటకూడదని ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన ఉంది. రంగు చూసి అది చెప్పలేం. దాన్ని కొలిచే చిన్న మీటర్ దొరుకుతుంది. ఒకటి కొని మీ బ్యాగులో పెట్టుకోండి, ప్రతి బ్రాంచికీ ఒక్కోటి అక్కర్లేదు.

సాంబారు ఈ రెండిటి మధ్యలో ఉంటుంది. పొడి మా దగ్గరి నుంచే వెళ్తుంది, అది బిగింపు. పది లీటర్లకి 700 గ్రాముల కందిపప్పు అని పుస్తకంలో ఉంది కానీ, నేను వెళ్లి పప్పు తూచను. సాంబారును స్టీలు గ్లాసులో పోసి పది నిమిషాలు కదలకుండా పెడతాను. పైన తేరిన నీళ్లు వేలి మందం దాటితే పప్పు తగ్గినట్టే. ముక్కలు మాత్రం ఆ రోజు మార్కెట్లో ఏది చవకైతే అది, గుమ్మడికాయ, ముల్లంగి, మునక్కాయ, ఏదైనా సరే.

దోసెకి గరిటె ఒక్కటే మాది. అందరికీ ఒకే కొలత గరిటెలు పంపాం. గుండ్రంగా వేస్తాడో, పొడుగ్గా మడుస్తాడో మాస్టర్ ఇష్టం.

చిత్తూరు ఇడ్లీ కథ: తప్పు ఎలా పట్టుకోవాలి

మొదట చెప్పిన బెంగళూరు పెద్దాయన ఫిర్యాదు జూన్‌లో వచ్చింది. చిత్తూరు ఓనర్‌కి మామిడి గుజ్జు వ్యాపారం కూడా ఉంది. తోతాపురి సీజన్‌లో ఆయన షాపుకి రావడం మానేస్తాడు. రాత్రి ఫోన్‌లో లెక్క చూసుకుంటాడంతే. నా బుర్రలో ముందుగా వచ్చిన ఆలోచన, మినప్పప్పు ధర పెరిగింది కదా, తగ్గించి వేస్తున్నాడు అని.

ఇలాంటప్పుడు ముందు ఓనర్‌కి ఫోన్ చేయొద్దు. చేస్తే మర్నాడు పిండి బ్రహ్మాండంగా ఉంటుంది, కారణం మాత్రం ఎప్పటికీ తెలియదు. చెప్పకుండా వెళ్లి, ఈ వరసలో చూడండి.

నేను పొద్దున తొమ్మిదింటికి వెళ్లి పది ఇడ్లీలు పార్సిల్ కట్టించుకున్నాను. చిన్న తక్కెడ మీద తూచాను. మాది చల్లారాక యాభై గ్రాములు ఉండాలి. పదీ కలిపి 490 వచ్చాయి, బరువులో తప్పు లేదు. అరగంట ఆగి ఒకటి విరిచాను. గూడుగూడుగా విడిపోవాల్సింది ముక్కగా విరిగింది. లోపల రంధ్రాలు చిన్నవి, దగ్గర దగ్గరగా ఉన్నాయి. తెలుపులో పసుపు ఛాయ ఉంది, నాలుక చివర సబ్బు లాంటి రుచి తగిలింది.

ఈ గుర్తులు వేటికవే వేర్వేరు కథలు చెబుతాయి. పులుపు ఎక్కువైతే పులియడం మించింది. చపాతీలా పడి జిగురుగా ఉంటే పులియడం చాలలేదు. చల్లారాక గట్టిపడితే మినప్పప్పు తగ్గింది. పసుపు ఛాయ, సబ్బు రుచి వస్తే వంట సోడా పడింది. చిత్తూరులో చివరి రెండూ కలిశాయి. పప్పు తగ్గి ఇడ్లీ పొంగకపోతే మాస్టర్ సోడాతో పొంగిస్తున్నాడన్నమాట. మా వంటలో సోడా లేనే లేదు.

తర్వాత బిల్లులు చూశాను. ఒప్పందంలో నెల కొనుగోలు బిల్లులు పంపాలని ఉంది, ఎవరూ చూడని కాగితాలు అవి. మే నెలలో చిత్తూరు బ్రాంచి కొన్న బియ్యం 600 కిలోలు, అంటే ఇరవై నాలుగు మూటలు. నాలుగుకి ఒకటి లెక్కన మినప్పప్పు 150 కిలోలు ఉండాలి. ఉన్నది 102. నాలుగుకి ఒకటి కాదు, దాదాపు ఆరుకి ఒకటి పడుతోంది. ఏప్రిల్ బిల్లు తీస్తే పాళ్లు సరిగ్గా ఉన్నాయి. అంటే మే మొదట్లో ఏదో మారింది.

ఇక్కడ ఆగి ఒక లెక్క వేయాలి. తగ్గిన పప్పు 48 కిలోలు. కిలో 120 రూపాయలు అనుకున్నా నెలకి ఆరు వేల లోపు. పైగా పిండికి పొంగు ఇచ్చేది పప్పే కాబట్టి, అది తగ్గితే బియ్యం మూటకి వచ్చే ఇడ్లీలు కూడా తగ్గుతాయి. ఆదా అనుకున్నది అలా సగం పోతుంది. మామిడి గుజ్జు లోడ్లు అమ్మే మనిషి దీనికోసం పేరు చెడగొట్టుకుంటాడా? లాభం లేని చోట దొంగతనం ఉండదు, వేరే కారణం ఉంటుంది. అందుకే మధ్యాహ్నం దాకా ఉండి రుబ్బడం చూశాను.

రుబ్బే అబ్బాయి బియ్యం మూట మొత్తం ఒంపాడు. పప్పు ఐదు డబ్బాలు పోశాడు. ఐదు డబ్బాల లెక్క మాదే. కాకపోతే మేమిచ్చిన డబ్బాలో 1,250 గ్రాములు పడతాయి, ఐదు కలిపితే ఆరుంపావు కిలోలు. అతని చేతిలో ఉన్నది ప్లాస్టిక్ డబ్బా. పాతది ఏప్రిల్ చివర్లో సొట్టపోయి కారిపోతుంటే పారేశారు, పక్క కొట్లో ఇంకోటి తెచ్చారు. తూచి చూస్తే దానిలో 850 గ్రాములు. ఐదు డబ్బాలకి నాలుగుంపావు. ఇరవై నాలుగు వాయిలకి సరిగ్గా 102 కిలోలు.

ఓనర్ సాయంత్రం వచ్చాక డబ్బా ఆయన ముందు పెట్టాను. కాసేపు చూసి, "అన్నా, నువ్వు ముందే ఫోన్ చేసి అడిగుంటే నాకు కోపమొచ్చుండేది, ఇద్దరం మాట్లాడుకోకుండా అయ్యుండేవాళ్లం" అన్నాడు. నిజమే. నేను ఫోన్‌లో ఏం అనబోయానో ఆయనకి చెప్పలేదు.

మూడో పని: పాటించడం తేలిక, తప్పడం కష్టం అయ్యేలా చేయండి

డబ్బా మార్చి ఊరుకుంటే ఆరు నెలల్లో అదీ సొట్టపోతుంది. అందుకని కొలిచే పనినే తీసేశాం. ఇప్పుడు మినప గుండ్లు ఆరుంపావు కిలోల ప్యాకెట్లుగా తిరుపతి నుంచే వెళ్తాయి, ప్రతి ప్యాకెట్‌లో కొలిచిన ఉప్పు పొట్లం కూడా ఉంటుంది. పాతికకిలోల బియ్యం మూటకి ఒక ప్యాకెట్. తూకం లేదు, డబ్బా లేదు. రుబ్బే అబ్బాయి కొత్తవాడైనా, తెలుగు చదవలేకపోయినా పర్వాలేదు. బియ్యం మాత్రం ఎక్కడ కొనుక్కున్నా మాకు అభ్యంతరం లేదు, రకం పేరు, మూట బరువు చెప్పాం అంతే.

బిగించాల్సిన ప్రతిదానికీ ఇలాంటి ఒక వస్తువు వెతకండి, ప్యాకెట్టో గీతో గరిటో. కాగితం మీది రూల్ మనిషికి గుర్తుండాలి. వస్తువుకి ఆ అవసరం లేదు.

దీంట్లో ఒక ఉచ్చు ఉంది, నేనూ పడ్డాను. మనం పంపే సరుకు మీద లాభం వేసుకోవాలనిపిస్తుంది. సాంబారు పొడి మీద మొదట్లో బాగానే వేసుకున్నాను. తిరుచానూరు రోడ్డు వాళ్లు మూడో నెల నుంచే సగం మాది, సగం బజారుది కలపడం మొదలుపెట్టారు. మన నిబంధన ఒకవైపు, వాళ్ల జేబు ఇంకోవైపు లాగితే జేబే గెలుస్తుంది. ఇప్పుడు పొడి, పప్పు ప్యాకెట్లు ఖర్చుకి రవాణా కలిపి ఇస్తాం, మా ఆదాయం రాయల్టీలోనే. రాయల్టీ మీద 18 శాతం జీఎస్టీ పడుతుందని ఫ్రాంచైజీ తీసుకునేవాళ్లకి ముందే చెప్పండి. సంతకం అయ్యాక చెబితే మోసం చేసినట్టు అనుకుంటారు.

ఖర్చుకే ఇవ్వడంలో ఇంకో లాభం ఉంది. ప్యాకెట్లు ఎన్ని వెళ్లాయో మాకు తెలుసు కాబట్టి ఎన్ని ఇడ్లీలు అమ్మి ఉండాలో కూడా తెలుస్తుంది. బిల్లింగ్ మెషీన్లో ఇడ్లీలు తక్కువ కనిపిస్తే బిల్లు కొట్టకుండా అమ్ముతున్నట్టు. ప్యాకెట్లు తక్కువై ఇడ్లీలు ఎక్కువ కనిపిస్తే బయటి పప్పు వాడుతున్నట్టు. వృథా కింద కొంత వదిలేసినా, నెల చివర ఐదు నిమిషాల్లో తేలే లెక్క ఇది.

నాలుగో పని: ఓనర్‌ని బట్టి తనిఖీ మార్చండి, ప్రమాణం కాదు

నలుగురికీ ఒకే చెక్‌లిస్టుతో వెళ్తే నలుగురి దగ్గరా అసలు తప్పు దొరకదు. ఎందుకంటే ఒక్కొక్కరు ఒక్కో దారిలో తప్పుతారు.

చిత్తూరు ఓనర్ లాంటివాళ్లు షాపులో ఉండరు. అక్కడ నిజానికి ఓనర్ మాస్టరే. ఆయన మారాడంటే బ్రాంచి మారినట్టే. అందుకే ఒప్పందంలో ఒక వాక్యం చేర్చాం, మాస్టర్ గానీ రుబ్బే మనిషి గానీ మారితే రెండు రోజుల్లో మాకు చెప్పాలి, కొత్త మనిషి మూడు రోజులు తిరుపతిలో పని చేసి వెళ్లాలి. రోజూ పొద్దున ఐదున్నరకి పిండి క్యాన్‌లో గీత కనిపించేలా ఒక ఫొటో వాట్సాప్‌లో వస్తుంది. ఇది నలుగురి నుంచీ తీసుకుంటాం కానీ, రోజూ తెరిచి చూసేది చిత్తూరుది ఒక్కటే.

శ్రీకాళహస్తి ఓనర్ పొదుపు మనిషి. ఆయన గల్లా వదలడు, లెక్క ఒక్క రూపాయి తేడా రాదు. ఆయన దగ్గర చూడాల్సింది నూనె, చట్నీ పారబోసే టైమ్. అంటే పారేస్తే ప్రాణం పోయే చోట్లు. అక్కడికి నేను పదిన్నర తర్వాతే వెళ్తాను, మీటర్ తీసుకుని.

తిరుచానూరు రోడ్డు దంపతులది పూర్తిగా వేరే సమస్య, నా లెక్కలో ఇదే కష్టమైనది. వాళ్లు మంచి ఓనర్లు. ఆవిడ చేతి వంట బాగుంటుంది, అందుకే సాంబారులో కొంచెం బెల్లం వేస్తుంది, పొంగల్‌లో మిరియాలు తగ్గిస్తుంది. ప్రతి మార్పూ బాగుంటుంది. కాదని చెప్పడానికి నోరు రాదు. ఆరు నెలలు పోతే అది ఆవిడ హోటలే, మాది కాదు. ఇలాంటివాళ్లని అణిచేస్తే వ్యాపారం మీద ఆసక్తే పోతుంది. వాళ్లకి ఒక తలుపు తెరిచి పెట్టాలి, దాని గురించి కిందే చెబుతాను.

పలమనేరు ఆయన అన్నీ పాటిస్తాడని ముందే చెప్పాను. ఆయన దగ్గర తప్పులు వెతకను. "మేం చెప్పినవాటిలో మీ ఊళ్లో కుదరనిది ఏది?" అని అడుగుతాను. అడగకపోతే చెప్పడు.

తనిఖీలో చూసేవి పదకొండే. అందులో నీళ్లు, నూనె, చట్నీ టైమ్, సోడా, ఈ నాలుగిటిలో తప్పు దొరికితే ఆ వంటకం ఆ పూటకి ఆపేయాలి, అక్కడే, నా ఎదురుగానే. మిగతావాటికి పదిహేను రోజుల గడువు. అన్నిటికీ ఒకే తీవ్రతతో అరిస్తే కొన్నాళ్లకి దేన్నీ ఎవరూ పట్టించుకోరు.

ఐదో పని: వదిలేసినవాటికి కూడా హద్దు గీయండి

చిత్తూరు ఓనర్ మొదటి నెలలోనే అడిగాడు, "అన్నా, మా ఊర్లో చెనిక్కాయ ఊరిబిండి లేకుండా ఇడ్లీ ఎవురు తింటారు?" అని. మా మెనూలో కొబ్బరి చట్నీ, అల్లం చట్నీ ఉన్నాయి. నేను కాదన్నాను. ఆయన ఊరుకోలేదు, అడిగినవాళ్లకి లోపలి నుంచి గిన్నెలో తెచ్చి పెట్టేవాడు. నేను వెళ్లినప్పుడు గిన్నె దాచేసేవాళ్లు. నాలుగు నెలలు ఇలా నడిచింది. అందరికీ తెలుసు, నాకు తప్ప.

పై మూడు ప్రశ్నలకి ఎదురుగా పెడితే జవాబు సులభం. తిరుపతిలో తిన్న మనిషికి చిత్తూరులో కొబ్బరి చట్నీ అదే రుచిలో దొరికితే చాలు, పక్కన ఇంకోటి ఉంటే ఫిర్యాదు చేయడు, సంతోషిస్తాడు. ఒకటి తీసేయడం వేరు, ఒకటి చేర్చడం వేరు. అప్పటి నుంచి మా నియమం ఇది. ఉన్నది తీయకూడదు, మార్చకూడదు. ప్రతి బ్రాంచీ తన ఊరివి మూడు దాకా చేర్చుకోవచ్చు. మెనూ బోర్డులో కింద "మా ఊరి స్పెషల్" అని వేరే పెట్టెలో రాయాలి. మనం వాడని కొత్త పచ్చి సరుకు రెండుకి మించకూడదు, ఇడ్లీ కుక్కర్ సమయం తినకూడదు. ఆరు వారాలు అమ్మి చూసి, రోజుకి ఇన్ని ప్లేట్లు అని ముందే అనుకున్న సంఖ్య దాటకపోతే వాళ్లే తీసేయాలి.

చిత్తూరులో ఊరిబిండి, ఎర్రకారం దోసె ఆ పెట్టెలోకి వెళ్లాయి. తిరుచానూరు రోడ్డు ఆవిడకి కూడా ఇదే తలుపు. బెల్లం సాంబారు "ఇంటి సాంబారు" పేరుతో వేరే గిన్నెలో వస్తుంది, మామూలు సాంబారు మామూలుగానే ఉంటుంది. రెండు గిన్నెలు పెట్టడం కష్టమని మొదట విసుక్కుంది. జనం ఏది అడుగుతున్నారో తనే లెక్కపెట్టుకుంటోంది ఇప్పుడు.

అన్నీ ఇంత తేలికగా తెగవు. తిరుపతిలో ఉల్లిపాయ లేని సాంబారు అడిగే యాత్రికులు ఉంటారు. శ్రీకాళహస్తిలోనూ ఉంటారు. చిత్తూరులో ఉల్లిపాయ లేని సాంబారు పెడితే ముఖం చిట్లిస్తారు. ఇది చేర్చే సంగతి కాదు, అసలు వంటకాన్నే మార్చే సంగతి. మూడు వారాలు తర్జనభర్జన పడి, మూల సాంబారును అన్ని చోట్లా ఉల్లిపాయ లేకుండానే చేయాలని తేల్చాం. వేయించిన చిన్న ఉల్లిపాయలు చివర్లో వేరే గిన్నెలో కలుపుకోవచ్చు. చిత్తూరు, పలమనేరుల్లో అన్నిటిలోనూ కలుపుతారు, తిరుపతిలో సగంలోనే. మూలం ఒకటే, తాలింపు ఊరిది. పొడిలో ఇంగువ కాస్త పెంచాల్సి వచ్చింది.

తెరిచే సమయం కూడా వదిలేశాం. తిరుపతి బస్టాండు దగ్గర పొద్దున నాలుగింటికే గిరాకీ ఉంటుంది, పెరటాసి శనివారాల్లో తమిళనాడు యాత్రికులతో ఇంకా ముందే. పలమనేరులో ఆరుకి ముందు తెరిస్తే కరెంటు దండగ. బిగించింది ఒక్కటే, బోర్డు మీద రాసిన టైమ్‌కి ఇడ్లీ సిద్ధంగా ఉండాలి.

ధర విషయంలో తొందరపడొద్దు. అద్దెలు ఊరూరికీ వేరు కాబట్టి ఒకే ధర పెట్టడం ఎలాగూ అన్యాయం. పైగా ఇంతకే అమ్మాలని పట్టుబడితే పోటీ చట్టం 2002 కింద ప్రశ్న రావచ్చు. గరిష్ఠ ధర రాసి, అంతకన్నా తక్కువకి అమ్ముకునే స్వేచ్ఛ ఉందని స్పష్టంగా పెట్టించండి. ఈ వాక్యం లాయర్ చేతే రాయించుకోండి.

ఒప్పందంలో తప్పక ఉండాల్సినవి

ఫ్రాంచైజీకి మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు. అంతా ఒప్పందం మీదే నడుస్తుంది. పేరును ట్రేడ్‌మార్క్‌గా రిజిస్టర్ చేయించుకోకుండా ఫ్రాంచైజీ ఇవ్వొద్దు. ఫుడ్ లైసెన్స్ ఒక్కో షాపుకి విడిగా ఉండాలి, మీది చూపించి వాళ్లు నడపలేరు. ఒప్పందంలో పద్ధతులన్నీ రాయకండి. "పద్ధతుల పుస్తకం ప్రకారం, ముప్పై రోజుల నోటీసుతో మార్చే హక్కుతో" అని రాసి పుస్తకాన్ని విడిగా ఉంచండి. లేకపోతే గీత మార్చాలన్నా స్టాంపు పేపర్ కావాలి. గూగుల్ మ్యాప్స్‌లో షాపు పేజీ, డెలివరీ యాప్‌ల ఖాతా మీ పేరు మీదే ఉండాలి. విడిపోయినప్పుడు బోర్డు ఒక రోజులో దిగుతుంది కానీ, మ్యాప్‌లో పేరు ఏళ్ల తరబడి ఉండిపోతుంది.

మా పుస్తకం ఇప్పుడు తొమ్మిది పేజీలు. లామినేట్ చేయించి ఇచ్చాం. కిందటి నెల శ్రీకాళహస్తి వెళ్తే అది గ్రైండర్ పక్కన గోడకి వేలాడుతోంది. గ్రైండర్ కింద ఇంకా పాత పుస్తకమే ఉంది.